బాణం ఒకటే, ముఖాలు రెండు
(నెల్లూరులో డీటీపీ, వెబ్ పనులు చేసేవాళ్ల ముందు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ట్రంకు రోడ్డు చుట్టుపక్కల డీటీపీ సెంటర్లు నడిపేవాళ్లు వచ్చారు, కాలేజీల్లో కంప్యూటర్లు చదివే పిల్లలు వచ్చారు, మార్కెట్ రేట్లు రోజూ ఫోన్‌లో పంపే పొదలకూరు వైపు వాళ్లూ వచ్చారు. అందరికీ పనికొచ్చేలా ఈ రోజు ఒక్క గుర్తునే పట్టుకుని మాట్లాడతాను. అది ధర పెరిగిందని చెప్పడానికి మనం పెట్టే పై బాణం.

పొదలకూరు నిమ్మకాయల ధరలు రోజూ పెట్టే చిన్న వెబ్ పేజీ ఒకటి ఉందనుకుందాం. ఒక్కో రకం కాయకి ఒక్కో వరస. నిన్నటికన్నా ధర పెరిగితే ఆకుపచ్చ పై బాణం, తగ్గితే ఎర్రటి కింది బాణం. ఆ పేజీ తయారు చేసినాయన కంప్యూటర్లో చూసుకున్నాడు, అన్నీ బాగానే ఉన్నాయి. అదే పేజీని రైతు తన ఫోన్‌లో తెరిస్తే ఆకుపచ్చా లేదు, ఎరుపూ లేదు. ప్రతి వరసలో ఒక నీలం చదరం, దాని మధ్యలో తెల్ల బాణం. పెరిగిన ధరకీ తగ్గిన ధరకీ ఒకే నీలం. తోటలో నిలబడి ఎండలో ఫోన్ చూసే మనిషికి ఆ బాణం పైకుందో కిందకుందో చప్పున తెలియదు. రంగు చూసి తెలుసుకోవాల్సిన సంగతి రంగుతోనే పోయింది.

పేజీ రాసినాయన రంగు సరిగ్గానే ఇచ్చాడు. మరి ఎందుకు రాలేదు? సీఎస్‌ఎస్‌లో మనం ఇచ్చే రంగు మామూలు అక్షరానికి పడుతుంది, ఎందుకంటే ఫాంట్‌లో ఆ అక్షరానికి ఉండేది ఆకారం మాత్రమే, రంగు మనమే పోస్తాం. ఎమోజీ ఫాంట్‌లో అలా కాదు. బొమ్మ తన రంగులతో సహా తయారై ఉంటుంది. దాని మీద ఆకుపచ్చ అన్నా ఎరుపు అన్నా పట్టించుకోదు. ఫోన్ ఆ బాణాన్ని అక్షరంగా కాకుండా బొమ్మగా తీసుకుంది. ఇక్కడ జరిగింది అంతే.

ఒకే గుర్తుకి ఈ రెండు ముఖాలు ఎలా వచ్చాయో చెప్తాను. యూనికోడ్‌లో ఈ బాణం నంబరు U+2B06. ఇది 2003లో నాలుగో వెర్షన్‌తో మామూలు నలుపు గుర్తుగా వచ్చింది. జపాన్ మొబైల్ కంపెనీలు తమ ఫోన్లలో బొమ్మల గుర్తులు వాడుతుండేవి. 2010లో ఆరో వెర్షన్‌లో ఆ బొమ్మలన్నిటికీ యూనికోడ్‌లో చోటిచ్చారు. అప్పటికే ఉన్న గుర్తుతో కలిసే బొమ్మలకి కొత్త నంబరు ఇవ్వకుండా పాత నంబరునే సరిపెట్టారు. గుండె గుర్తు, టెలిఫోన్, సూర్యుడు, మన బాణం, ఇలా చాలా గుర్తులు నలుపు అక్షరంగానూ రంగు బొమ్మగానూ ఒకే నంబరు మీద బతకాల్సి వచ్చింది. నా లెక్కన ఆ నిర్ణయం తప్పేమీ కాదు. ఒకే అర్థమున్న గుర్తుకి రెండు నంబర్లిస్తే వెతకడంలో, పోల్చడంలో ఇంకా పెద్ద గొడవలొచ్చేవి. అయితే ఏ ముఖం కావాలో చెప్పే దారి ఒకటి ఉండాలి కదా. 2012లో వచ్చిన 6.1 వెర్షన్‌లో ఆ దారి ఇచ్చారు. దాన్నే వేరియేషన్ సెలెక్టర్ అంటారు.

సెలెక్టర్ కూడా ఒక క్యారెక్టరే, కానీ తెరమీద తనకంటూ రూపం లేదు. గుర్తు వెనకాలే వచ్చి ఆ గుర్తుని ఎలా చూపించాలో చెప్తుంది. తెలుగు టైపు చేసేవాళ్లకి కనపడని క్యారెక్టర్లు కొత్త కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా మధ్యలో ఒకటి పెడతాం, అది U+200C. దానికీ వీటికీ తేడా ఏమిటంటే, అది రెండు అక్షరాల మధ్య కలయికని ఆపుతుంది, సెలెక్టర్ తన ముందున్న ఒక్క గుర్తుకే వర్తిస్తుంది. మనకి కావాల్సినవి రెండే. U+FE0E పెడితే అక్షరంలా చూపించమని, U+FE0F పెడితే బొమ్మలా చూపించమని.

```
2B06        ఏదీ చెప్పలేదు
2B06 FE0E   అక్షరంలా
2B06 FE0F   బొమ్మలా
```

మొదటి వరస దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన పేజీలో ఉన్నది అదే. ఏదీ చెప్పకపోతే ఎలా చూపించాలో కూడా యూనికోడ్ ప్రతి గుర్తుకీ రాసిపెట్టింది. ఈ బాణానికి రాసింది అక్షరంలా అనే. మరి ఫోన్ బొమ్మ ఎందుకు చూపించింది? రెండు కారణాలు ఉండొచ్చు. ఆ ఫోన్‌లో ఈ బాణం నలుపు రూపం ఉన్న ఫాంటే లేకపోవచ్చు, అప్పుడు దొరికిన ఎమోజీ ఫాంట్‌లోంచే తీసుకుంటుంది. లేదా ఫోన్ తయారుచేసినవాళ్లే బొమ్మకి ముందు చోటిచ్చి ఉండొచ్చు. కంప్యూటర్లో నలుపు రూపం ఉన్న సింబల్ ఫాంట్ ఉంది కాబట్టి అక్కడ రంగు పట్టింది. ఏదీ చెప్పకుండా వదిలేస్తే ఒక్కో యంత్రం ఒక్కోలా చూపించడానికి ఇదే మూలం.

అందుకని పేజీలో ఇలా రాస్తే చాలు:

```html
<span class="up">⬆︎</span>
```

చాలా ఫోన్లలో దీంతో నీలం చదరం పోయి ఆకుపచ్చ బాణం వచ్చేస్తుంది. ఇక్కడితో ఆపితే సగం పనే అవుతుంది. మన పేజీలో ఇంకో తేడా కూడా ఉంది, అది కంటికి కనపడదు.

ధరలు పేజీలోకి ఎలా వస్తున్నాయో చూద్దాం. పొద్దున మార్కెట్లో ఒకాయన ఫోన్‌లోంచి షీట్‌లో నింపుతాడు, సాయంత్రం ఆఫీసులో ఇంకొకాయన కంప్యూటర్ మీద నింపుతాడు. ఫోన్ కీబోర్డులో ఎమోజీల పేజీలోంచి బాణం నొక్కితే, కీబోర్డు తనంతట తానే వెనకాల FE0F కూడా చేర్చి పంపుతుంది. కంప్యూటర్లో గుర్తుల పట్టికలోంచి పెడితే ఒట్టి 2B06 వస్తుంది. షీట్‌లో రెండు గడులూ చూడటానికి ఒకేలా ఉండొచ్చు. పేజీ వెనక ప్రోగ్రాంలో ‘గడిలో ఉన్నది పై బాణం అయితే ఆకుపచ్చ వెయ్యి’ అని రాసుంటే, కంప్యూటర్ నుంచి వచ్చిన వరసలకి రంగు పడుతుంది, ఫోన్ నుంచి వచ్చినవాటికి పడదు. ఎందుకంటే ప్రోగ్రాంకి ఒకటి ఒక క్యారెక్టర్, ఇంకొకటి రెండు క్యారెక్టర్లు. పొద్దున నింపినవి తప్పు, సాయంత్రం నింపినవి ఒప్పు, గడిలో మాత్రం అదే బాణం. ఇలాంటి తేడా వస్తే మనిషికి ఎంత టెన్షన్‌గా ఉంటుందో మీలో కోడ్ రాసేవాళ్లకి తెలుసు.

కనిపెట్టడం మాత్రం తేలిక. అనుమానం ఉన్న గడి B2 అయితే పక్క గడుల్లో ఈ రెండూ రాయండి:

```
=LEN(B2)
=UNICODE(RIGHT(B2,1))
```

ఒట్టి బాణమైతే మొదటిది 1 అంటుంది, రెండోది 11014 అంటుంది, అంటే 2B06. వెనకాల సెలెక్టర్ ఉంటే మొదటిది 2 అంటుంది, రెండోది 65039 అంటుంది. 65039 కనిపిస్తే అది FE0F, 65038 కనిపిస్తే FE0E. ఈ రెండు అంకెలూ రాసి పెట్టుకోండి, చాలా చోట్ల పనికొస్తాయి.

ఇక ప్రోగ్రాంలో చెయ్యాల్సింది. ముందు సెలెక్టర్లని తీసేసి పోల్చాలి, చూపించేటప్పుడు మనకి కావాల్సిన సెలెక్టర్ని మనమే పెట్టాలి.

```js
const mark = cell.replace(/[\uFE0E\uFE0F]/g, "");
if (mark === "\u2B06") row.classList.add("up");
box.textContent = mark + "\uFE0E";
```

ఒకే అక్షరాన్ని వేర్వేరు నంబర్లతో రాసినా ఒకే రూపానికి తెచ్చే పని ఒకటుంది, దాన్ని యూనికోడ్ నార్మలైజేషన్ అంటారు. అది చేస్తే ఈ సెలెక్టర్లు పోతాయని కొందరు అనుకుంటారు. పోవు. ఎన్‌ఎఫ్‌సీ చేసినా, ఎన్‌ఎఫ్‌కేసీ చేసినా సెలెక్టర్ అక్కడే ఉంటుంది. మనం విడిగా తియ్యాల్సిందే.

అలాగని డేటా మొత్తంలోంచి FE0F ని ఒక్క దెబ్బతో ఊడ్చెయ్యకండి. ఇది గట్టిగా చెప్తున్నాను. కొన్ని బొమ్మలు రెండు మూడు క్యారెక్టర్లు కలిసి తయారవుతాయి. చదరంలో ఒకటి అంకె ఉండే బొమ్మ తీసుకోండి. అది 0031 FE0F 20E3, అంటే మామూలు ఒకటి అంకె, సెలెక్టర్, చివర కీ చదరం. మండుతున్న గుండె బొమ్మలో కూడా గుండె వెనకాల FE0F ఉంటుంది, తర్వాత అతుకు క్యారెక్టర్, తర్వాత మంట. మధ్యలో సెలెక్టర్ తీసేస్తే కొన్ని చోట్ల బొమ్మ చెదిరిపోతుంది. పైన రాసిన కోడ్‌లో కూడా బాణం గడిలో మాత్రమే తీశాం, మనుషులు రాసిన సందేశాల జోలికి పోలేదు.

FE0E కి కూడా హద్దులున్నాయి. అది ఒక కోరిక, ఆజ్ఞ కాదు. ఫోన్‌లో ఆ బాణం నలుపు రూపం ఏ ఫాంట్‌లోనూ లేకపోతే ఎంత కోరినా బొమ్మే రావచ్చు. అప్పుడు ఆ బాణం ఉన్న చిన్న వెబ్ ఫాంట్‌ని మన పేజీతోపాటే పంపి, ఫాంట్ల వరసలో ముందు పెట్టాలి. సీఎస్‌ఎస్‌లో `font-variant-emoji: text` అనే మాట కూడా ఉంది, కానీ పాత ఫోన్లలోని బ్రౌజర్లకి అది అర్థం కాదు కాబట్టి దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

ఇంకో సంగతి. ఏ గుర్తు వెనక పెడితే అది పని చెయ్యదు. పని చేసే జతల పట్టిక `emoji-variation-sequences.txt` అనే ఫైల్లో ఉంది, యూనికోడ్ వాళ్ల సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. అందులో లేని గుర్తు వెనక సెలెక్టర్ పెడితే ఏమీ జరగదు. మన ‘అ’ వెనక పెట్టినా అంతే. ఇది మనకి లాభం కూడా. సన్నటి పై బాణం ↑ నంబరు U+2191, అది ఆ పట్టికలో లేదు, దానికి బొమ్మ రూపమే లేదు. నిండు త్రికోణం ▲ U+25B2 కూడా అంతే. కొత్తగా ధరల పేజీ మొదలుపెట్టేవాళ్లకి నేను ఈ రెంటిలో ఒకటి వాడమంటాను, సెలెక్టర్ల గొడవే ఉండదు. అయితే పక్కనే ఉన్నవాటితో జాగ్రత్త. ఏటవాలు బాణం U+2197 పట్టికలో ఉంది, కుడివైపు చూసే త్రికోణం U+25B6 కూడా ఉంది. ఒక గుర్తు సురక్షితం అయితే దాని చెల్లెలు కూడా సురక్షితం అనుకోకూడదు.

ఎస్ఎంఎస్ పంపేవాళ్లకి ఒక మాట. తెలుగు ఎస్ఎంఎస్‌లో ఒక్కో మెసేజీకి 70 చోట్లే ఉంటాయి. కనపడని సెలెక్టర్ కూడా అందులో ఒక చోటు తింటుంది. పది రకాల కాయల ధరలు పది బాణాలతో పంపితే పది చోట్లు ఊరికే పోతాయి, మెసేజీ రెండుగా చీలితే రెండింటికీ డబ్బులు కట్టాలి.

డీటీపీ వాళ్లు ఎక్కువగా చూసేది ప్రింటు కాబట్టి అదీ చెప్తాను. కస్టమర్ ఫోన్‌లోంచి పంపిన రేట్ల లిస్టుని అలాగే పేజీలో పేస్ట్ చేసి నలుపు ప్రింటు తీస్తే, నీలం చదరాలు బూడిదరంగు మచ్చలై వస్తాయి. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో 2B06 FE0F జత బదులు 2191 పెట్టించండి, కింది బాణం 2B07 FE0F బదులు 2193. ఆ తర్వాత ఒట్టి 2B06, 2B07 లకి కూడా అదే ఇంకోసారి చెయ్యండి. ఈ వరస తలకిందులైతే, అంటే ఒట్టి బాణాన్ని ముందు మార్చేస్తే, వెనక ఉన్న FE0F ఒక్కటే మిగిలి ↑ కి అంటుకుని ఉండిపోతుంది. కాగితం మీద తేడా కనపడదు కానీ, రేపు అదే ఫైల్లోంచి ధరలు కాపీ చేసి షీట్‌లో పెట్టినప్పుడు LEN మళ్లీ 2 చూపిస్తుంది.