క్యాష్‌లెస్ కుదరదన్న గంటలో ఏం చేయాలి

అందరికీ నమస్కారం.

మీ ఇన్సూరెన్స్ కంపెనీ జాబితాలో ఆ ఆసుపత్రి పేరుంది. అందుకే వెతుక్కుంటూ అక్కడికే వెళ్లారు. తీరా చేరాక ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర "మీకు క్యాష్‌లెస్ రాదండీ, అడ్వాన్స్ కట్టండి" అంటారు. వెంటనే ఇంట్లోవాళ్లంతా డబ్బు సర్దుబాటుకు ఫోన్లు అందుకుంటారు. ఆ ఫోన్లు తప్పవు, చేయండి. కానీ మనిషికొక పని పంచుకుని, ఒకరు మాత్రం డెస్క్ దగ్గరే నిలబడి ఒక ప్రశ్న అడగాలి: కాదన్నది ఎవరు? ఆసుపత్రా, ఇన్సూరెన్స్ కంపెనీయా?

ఈ రెండూ వేరు వేరు. ఆసుపత్రి, క్యాష్‌లెస్‌కు కంపెనీ ముందస్తు అనుమతి కోరే ప్రీఆథరైజేషన్ ఫారమే అసలు పంపకుండా "ఆ కంపెనీ సరిగా డబ్బులివ్వడం లేదు, మేం ఆపేశాం" అని ఉండొచ్చు. లేదా ఫారం వెళ్లి, కంపెనీగానీ, దాని తరఫున పనిచేసే టీపీఏగానీ తిరస్కరించి ఉండొచ్చు. ఎవరు చెప్పేది నిజమో తెలుసుకోవడం కష్టం కాదు. ఫారం వెళితే సాధారణంగా పాలసీదారు మొబైల్‌కి క్లెయిమ్ నంబరుతో మెసేజ్ వస్తుంది. రాకపోతే కార్డు మీదున్న టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి, పాలసీ నంబరు చెప్పి, "ఈ ఆసుపత్రి నుంచి రిక్వెస్ట్ వచ్చిందా, ఎన్ని గంటలకు వచ్చింది, ఇప్పుడు ఏ దశలో ఉంది" అని అడగండి. "ఏమీ రాలేదు" అంటే అడ్డు డెస్క్ దగ్గరే ఉంది.

టైము ఎందుకు అడగాలంటే, బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ రిక్వెస్ట్ మీద కంపెనీ వెంటనే, ఆలస్యమైనా గంటలోపే నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ రోజు ఆసుపత్రి తుది బిల్లు పంపాక మూడు గంటలు గడువు. ఆ మూడు గంటలు దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. పొద్దున పదకొండుకు ఫారం వెళ్లిందని తెలిస్తే పన్నెండు దాటాక మీరు మాట్లాడే తీరు మారుతుంది. "ఇంకా రాలేదు సార్" అనే జవాబుతో సాయంత్రం దాకా కూర్చోబెట్టడం కుదరదు.

ఆసుపత్రే ఆపేసి ఉంటే, అదే మాట కాగితం మీద గానీ ఈమెయిల్‌లో గానీ ఇవ్వమనండి. చాలాసార్లు ఆ అడగడంతోనే ఫారం కదులుతుంది. ఇవ్వకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పెట్టండి: ఫలానా తేదీ, ఫలానా సమయానికి, మీ నెట్‌వర్క్ ఆసుపత్రి క్యాష్‌లెస్ ఫారం పంపనంటోంది, మీరు నేరుగా మాట్లాడండి అని. నెట్‌వర్క్ ఒప్పందం వాళ్లిద్దరి మధ్య ఉంది కాబట్టి ఒత్తిడి పెట్టగలిగేది కంపెనీయే. అలాగే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆరోజు జాబితా తెరిచి, ఆసుపత్రి పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఒప్పందం నిజంగానే రద్దయిందని తేలితే ఇంకో దారి ఉంది. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రుల్లోనూ క్యాష్‌లెస్ ఇచ్చే 'క్యాష్‌లెస్ ఎవ్రీవేర్' ఏర్పాటు 2024 జనవరిలో మొదలైంది. ముందుగా నిర్ణయించుకున్న చికిత్సకైతే చేరడానికి 48 గంటల ముందు, ఎమర్జెన్సీ అయితే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి తెలియజేయాలి. దీనికి ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. అందుకే గట్టి హామీ అనుకోకూడదు, కానీ అడగకుండా వదలకూడదు.

ప్రాణం మీదికొచ్చిన స్థితిలో ఈ కాగితాల గొడవ తేలేదాకా రోగిని బయట ఉంచే హక్కు ఎవరికీ లేదు. ప్రాణం కాపాడటం డాక్టరు మొదటి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లో పర్మానంద్ కటారా కేసులో స్పష్టంగా చెప్పింది. క్యాజువాలిటీలో చికిత్స మొదలయ్యాకే డెస్క్ దగ్గరకు రండి.

ఇక రెండో రకం, కంపెనీ తిరస్కరించడం. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే, అదీ చిన్న కారణాలకు. ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా వెళదాం. 52 ఏళ్ల ఆయనకు పిత్తాశయంలో రాళ్లు, ఇన్ఫెక్షన్, కడుపునొప్పి. ఐదు లక్షల పాలసీ, నాలుగేళ్లుగా గ్యాప్ లేకుండా నడుస్తోంది. ఆపరేషన్‌కు అంచనా 1,40,000 రూపాయలు. కంపెనీ నుంచి జవాబు: "రోగికి పదేళ్లుగా షుగరు ఉంది, పాలసీ తీసుకునేటప్పుడు చెప్పలేదు, క్యాష్‌లెస్ ఇవ్వలేం." నిజానికి ఆయనకు షుగరు తేలింది పది నెలల కిందట, అంటే పాలసీ తీసుకున్న మూడేళ్ల తర్వాత.

తప్పు ఎక్కడ జరిగింది? క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు హడావిడిలో కేస్ షీట్ మీద షుగరు పక్కన ఉత్త "10" అని రాశారు. నెలలో ఏళ్లో రాయలేదు. దాన్ని చూసి డెస్క్ ఉద్యోగి ప్రీఆథ్ ఫారంలో "10 సంవత్సరాలు" అని నింపారు. ఈ ఫారంలో పాత జబ్బుల కోసం ఒక వరుస ఉంటుంది: షుగరు, బీపీ, గుండె జబ్బు, ఆస్తమా, ఎప్పటి నుంచి అని. కంపెనీ డాక్టరు ముందు చూసేది ఆ వరుసే. రోగి సంతకం మాత్రం కింద డిక్లరేషన్ దగ్గర పెట్టించుకుంటారు, పైన ఏం రాశారో చూపించే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే సంతకానికి ముందు ఆ వరుస చదవండి, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఈ ఒక్క అలవాటు ఉంటే సగం తిరస్కరణలు రాకుండా పోతాయని నా నమ్మకం.

సరే, తిరస్కరణ వచ్చేసింది. మొదట డినయల్ లెటర్ కాపీ తీసుకోండి. "రిజెక్ట్ అయింది" అన్న నోటిమాట సరిపోదు, పాలసీలోని ఏ షరతు కింద కాదన్నారో అందులో ఉంటుంది. తర్వాత చికిత్స చేస్తున్న డాక్టరు దగ్గరకు వెళ్లి వివరణ లేఖ అడగాలి. అది ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఉండాలి. డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, స్టాంపు, తేదీ, సమయం అన్నీ ఉండాలి. విషయం రెండు వాక్యాలు చాలు: షుగరు మొదట ఫలానా నెలలో తేలింది, కేస్ షీట్‌లో కాలం పొరపాటుగా పడింది, ఇప్పటి సమస్యకు కారణం పిత్తాశయంలో రాళ్లు. కేస్ షీట్‌లో కూడా దిద్దాలి, అయితే వైట్‌నర్ పూయకూడదు, అంకె మీద అంకె రాయకూడదు. పాతది కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, డాక్టరు పొట్టి సంతకం, తేదీ వేయాలి. లేకపోతే దిద్దుబాటు మీదే అనుమానం మొదలవుతుంది.

లేఖ ఒక్కటే పంపితే "అడిగితే రాసిచ్చారు" అనుకుంటారు. దానికి రుజువు జత కావాలి. షుగరు మొదటిసారి బయటపడిన ల్యాబ్ రిపోర్టు, మొదటి ప్రిస్క్రిప్షన్ బాగా పనికొస్తాయి. పాలసీ తీసుకోకముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకుని షుగరు మామూలుగా ఉన్నట్టు రిపోర్టు ఉంటే దానికి మించినది లేదు. పాత ఆఫీసు హెల్త్ చెకప్ అయినా సరే. ఇవన్నీ అదే క్లెయిమ్ నంబరు మీద పునఃపరిశీలనకు పంపమనండి. కొత్త రిక్వెస్ట్‌గా పంపితే మళ్లీ మొదటికొస్తుంది. డెస్క్‌వాళ్లు పంపాక, అవే కాగితాలు మీరూ కంపెనీ ఈమెయిల్‌కి పంపండి. పాలసీ షరతు చెప్పకుండా క్లెయిమ్ తిరస్కరించకూడదనీ, తిరస్కరణకు క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం ఉండాలనీ ఆ 2024 సర్క్యులర్‌లోనే ఉంది. ఆ మాట ఒక లైను చేర్చండి.

ఆపరేషన్ ఆగలేకపోతే? డబ్బు కట్టి చేయించుకోండి. క్యాష్‌లెస్ ఇవ్వలేదంటే క్లెయిమ్ పోయినట్టు కాదు. కట్టిన డబ్బు తర్వాత రీయింబర్స్‌మెంట్‌గా అడగవచ్చు. చాలా తిరస్కరణల్లో కారణం "ఇప్పుడున్న సమాచారంతో తేల్చుకోలేకపోతున్నాం" అన్నదే. డిశ్చార్జ్ లోపు మళ్లీ పంపి మంజూరు చేయించుకునే వీలుంది. అప్పుడు మీరు కట్టిన అడ్వాన్స్‌లో పాలసీ ఇవ్వనివి తీసేసి మిగిలింది తిరిగి రావాలి.

కట్టే ముందు మాత్రం నాలుగు నిమిషాలు ఆగండి. కంపెనీ వెబ్‌సైట్‌లో మినహాయించిన ఆసుపత్రుల జాబితా ఒకటి ఉంటుంది, అందులో ఈ పేరు లేదని చూసుకోండి. అక్కడ చేరితే ప్రాణాపాయ స్థితికి తప్ప రీయింబర్స్‌మెంట్ కూడా రాదు. కార్డు, యూపీఐ, చెక్కు ద్వారానే కట్టండి. ఆదాయపు పన్ను చట్టం రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని నిషేధిస్తుంది, పైగా నగదుకు మీ దగ్గర రుజువు తక్కువ. ప్రతి చెల్లింపుకూ నంబరున్న రసీదు తీసుకోండి. నెట్‌వర్క్ ఒప్పందంలోని రేట్లకే బిల్లు వేయమని రాతపూర్వకంగా అడగండి. సొంత డబ్బు కట్టేవాళ్లకని వేరే రేటు వేస్తే ఆ తేడా కంపెనీ ఇవ్వకపోవచ్చు, మీ మీదే పడుతుంది. "నా ఇష్టపూర్వకంగా క్యాష్‌లెస్ వద్దనుకున్నాను" అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. పెట్టక తప్పకపోతే, పైన "క్యాష్‌లెస్ నిరాకరించినందున కడుతున్నాను" అని చేత్తో రాసి, తేదీ వేసి, ఆ తర్వాత పెట్టండి.

డిశ్చార్జ్ సమ్మరీ చేతికిచ్చినప్పుడు ఆ "10" మళ్లీ అందులో ఎక్కిందేమో చూడండి. క్యాష్‌లెస్ దగ్గర దిద్దించినా, సమ్మరీ కేస్ షీట్ చూసి వేరేవాళ్లు టైపు చేస్తారు కాబట్టి పాత తప్పు తిరిగి రావచ్చు. ఇల్లు చేరకముందే దిద్దించుకోవాలి. ఒరిజినల్ బిల్లులు, రసీదులు, రిపోర్టులు, మందుల చీటీలతో పాటు డినయల్ లెటర్ కూడా రీయింబర్స్‌మెంట్ ఫైలులో పెట్టండి. ఎన్ని రోజుల్లో పంపాలో పాలసీలో ఉంటుంది. కేస్ షీట్ పూర్తి కాపీకి దరఖాస్తు ఇవ్వండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతోంది.

ఫిర్యాదు ఆసుపత్రిలో ఉండగానే మొదలుపెట్టవచ్చు. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి ఈమెయిల్. అక్కడ కదలిక లేకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్ bimabharosa.irdai.gov.in లో గానీ, 155255 నంబరుకు గానీ. ఇక్కడ ఇచ్చిన ఫిర్యాదు కంపెనీకే తిరిగి వెళ్లినా, జవాబు మీద నిఘా ఉంటుంది. టోకెన్ నంబరు రాసుకోండి.

కంపెనీకి ఫిర్యాదు చేసి నెల రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు, 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. cioins.co.in లో ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. మన ఉదాహరణలోని ఆయన అక్కడ చూపించాల్సినవి మూడే: తేదీ ఉన్న మొదటి షుగరు రిపోర్టు, డాక్టరు వివరణ లేఖ, మొదటిరోజు ఫొటో తీసుకున్న ప్రీఆథ్ ఫారం.