తాడు తెగినా ఆగే లిఫ్ట్
(అపార్టుమెంట్ సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సభకు నమస్కారం. నిర్వహణ ఖర్చుల గురించి మాట్లాడమన్నారు. అయితే లిఫ్ట్ అనగానే అందరూ తాడు బలం గురించే అడుగుతారు కాబట్టి, ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

సరుకులెత్తే యంత్రాలు అమెరికా మెకానిక్ ఎలిషా ఓటిస్‌కు ముందే ఉన్నాయి. తాడు తెగితే పెట్టె కూలుతుందన్న భయం వల్ల మనుషులు వాటిని ఎక్కడానికి జంకేవారు. 10 మీటర్ల ఎత్తు నుంచి పడిన పెట్టె గంటకు 50 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. 1852లో యాంకర్స్‌లోని మంచాల కర్మాగారంలో ఓటిస్ బండి కమాను కట్టను పెట్టె పైభాగాన బిగించి, ఎత్తే తాడును దానికే కట్టాడు. బరువు వేలాడుతున్నంతసేపు కమాను వంగి ఉంటుంది; తాడు తెగిన క్షణంలో అది చాచుకుని, రెండువైపులా ఉన్న కొక్కేలను పట్టాల పళ్లలోకి నెడుతుంది. బయటి శక్తి ఏదీ అక్కరలేదు. 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో తాను పైన నిలబడి తాడు నరికించుకున్నది ఈ ధీమాతోనే. 1857లో బ్రాడ్‌వేలోని అయిదంతస్తుల హావౌట్ దుకాణంలో ప్రయాణికుల లిఫ్ట్ నడిచింది. మెట్లెక్కలేక చౌకగా పోయే పై అంతస్తులకు క్రమంగా గిరాకీ పెరిగింది.

ఆ తాడు నరికిన కథ అందరూ చెబుతారు, ఆ తరువాతి సంగతి ఎవరూ చెప్పరు. నా బాధ అదే. హావౌట్ లిఫ్ట్ సెకనుకు 20 సెంటీమీటర్లే కదిలేది గనుక దానిని టక్కున ఆపినా నష్టం లేదు. సెకనుకు 5 మీటర్ల వేగంతో దిగే పెట్టెను 2 సెంటీమీటర్లలో ఆపితే, లోపలివారి మీద గురుత్వ బలానికి 60 రెట్లు మించిన తాకిడి పడుతుంది. అంటే ఆకాశహర్మ్యాలకు ఆ కొక్కేలు పనికిరావు. పైగా తాడు తెగకుండానే వేగం మితిమీరితే అవి కదలనే కదలవు.

అందుకే పెట్టె వేగాన్ని కనిపెట్టే గవర్నర్ అనే పరికరం వచ్చింది. వేగం హద్దు దాటగానే దాని తిరిగే బరువులు బయటికి విచ్చుకుంటాయి, గవర్నర్ పెట్టెతో పాటే కదిలే తన సన్నని తాడును పట్టి నిలుపుతుంది. పెట్టె దిగుతూనే ఉంటుంది కనుక, ఆగిన ఆ తాడు పెట్టె కింది సేఫ్టీ గేర్‌ను లాగుతుంది. దాని చీలలు నున్నని ఉక్కు పట్టాలను ఒరుసుకుంటూ బిగిసి, కొంత దూరంలో మెల్లగా ఆపుతాయి.

అయ్యా, ఆ సన్నని తాడు మాట మరవకండి! 1945 జూలై 28న ఎంపైర్ స్టేట్ భవనాన్ని బాంబర్ విమానం ఢీకొన్నప్పుడు, లిఫ్ట్ ఆపరేటర్ బెట్టీ లూ ఆలివర్ ఉన్న లిఫ్ట్‌ను మోసే తాళ్లతో పాటు గవర్నర్ తాడు కూడా తెగింది. సేఫ్టీ గేర్‌ను లాగేది లేక పెట్టె 75 అంతస్తులు పడిపోయింది. ఆమె తీవ్రంగా గాయపడినా ప్రాణాలతో బయటపడింది.

మన దగ్గర ఒక భవనంలో, పేరెందుకులెండి, గవర్నర్ పరీక్షకు లిఫ్ట్‌ను ఒక పూట ఆపడానికే ఒప్పుకోలేదు; అద్దం మార్చడానికి మాత్రం రెండు రోజులు ఆపారు. మీరు వార్షిక తనిఖీలో ఖాళీ పెట్టెను నిదానంగా దింపుతూ గవర్నర్‌ను చేత్తో పట్టించమని మెకానిక్‌ను అడగండి. పెట్టె ఆగాక రెండు పట్టాల మీదా చీలల గీతలు సమానంగా పడ్డాయా, పెట్టె నేల ఒక పక్కకు ఒరిగిందా అన్నది చూడండి. ఒకవైపే గీత పడితే రెండో చీల పట్టలేదని అర్థం, అది సరిచేసేదాకా లిఫ్ట్ నడపనివ్వకండి.