నలభై పేజీల మాటల్లో తీర్మానం ఎక్కడ?

"మా సొసైటీ సర్వసభ్య సమావేశం రికార్డింగును రాతలో పెడితే 40 పేజీలు వచ్చింది. ఇందులోంచి మినిట్స్ ఎలా రాయాలి?" ఒక కార్యదర్శి అడిగిన ప్రశ్న ఇది.

మొదటి పేజీ నుంచి చదువుకుంటూ రాకండి. అలా చదివితే ఎవరు ఎవరిని ఎంత మాట అన్నారో తెలుస్తుంది గానీ ఏం తేల్చారో తెలియదు. ఎజెండా ముందు పెట్టుకుని, ఒక్కో అంశం ఎక్కడ ముగిసిందో పట్టుకుని అక్కడి నుంచి వెనక్కి చదవండి.

లిఫ్టు మార్చే అంశం ఉందనుకుందాం. రాతప్రతి ఇలా ఉంటుంది:

"లిఫ్టు వెంటనే మార్చేయాలి." "కొటేషన్లు చూడకుండానా? ముందు మూడు తెప్పించండి." "సరే, అలాగే... చేతులెత్తండి. నలభై ఒకటి. వ్యతిరేకం పదిహేను. ఓటు వేయనివారు ఆరుగురు. సరే, అందరూ ఒప్పుకున్నట్టే."

అసలు చిక్కు ఆ చివరి మాటలోనే ఉంది. అధ్యక్షులవారు అలవాటుగా "అందరూ" అనేశారు. కొందరు వ్యతిరేకించాక మినిట్స్‌లో "ఏకగ్రీవంగా" అనే మాటకు చోటు లేదు. రేపు తగాదా వస్తే మొదట వేలు పెట్టేది ఆ మాట మీదే.

ఇప్పుడు అంకెలు కూడండి. 41, 15, 6 కలిపితే 62. హాజరు పట్టీలో 64 సంతకాలున్నాయి. ఇద్దరు ఏమయ్యారు? మధ్యలో లేచి వెళ్లిపోయి ఉండవచ్చు. కానీ "పదిహేను", "పదిహేడు" అన్న మాటలు రెండూ చివరి అక్షరం దాకా ఒకేలా వినిపిస్తాయి. పక్కన ఎవరో కుర్చీ జరిపితే చాలు, ఆ అక్షరం కాస్తా పోతుంది. ఆ ఒక్క చోటు రికార్డింగులో మళ్లీ వినండి. పదిహేడని వినిపిస్తే లెక్క సరిపోయినట్టే. వినిపించకపోతే ఓట్లు లెక్కపెట్టినవారిని అడగండి. లెక్క కుదురుతుందని మీరే 17 వేసేయడం మాత్రం తప్పు.

ఇక ఓటు దేనిమీద పడింది? వెంటనే మార్చడం మీద కాదు, సవరించిన ప్రతిపాదన మీద. కాబట్టి, వ్యతిరేకం పదిహేడేనని తేలితే, తీర్మానం ఇలా ఉండాలి: "లిఫ్టు మార్పిడికి మూడు కొటేషన్లు తెప్పించాలని తీర్మానించడమైనది. అనుకూలం 41, వ్యతిరేకం 17, తటస్థం 6." కొటేషన్లు వచ్చాక ఎంపిక ఎవరిది? దాని గురించి సభలో ఎవరూ మాట్లాడలేదు. "కమిటీ నిర్ణయిస్తుంది" అని చేర్చాలని చేయి లాగుతుంది. చేర్చకండి, సభ ఇవ్వని అధికారం మీ కలం ఇవ్వకూడదు.

వాదనకు రెండు వాక్యాలు చాలు: వెంటనే మార్చాలని కొందరు, కొటేషన్లు ముందు రావాలని కొందరు కోరారు. ఎవరు గొంతు పెంచారన్నది అక్కర్లేదు. ఎవరైనా "నా అభ్యంతరం నమోదు చేయండి" అని అడిగి ఉంటే మాత్రం వారి పేరుతో సహా రాయాల్సిందే.

ప్రతిపాదించినవారు, బలపరిచినవారు ఎవరో రాతప్రతిలో దొరకరు; అందులో పేర్లకు బదులు "మాట్లాడినవారు 3" లాంటి గుర్తులు మాత్రమే ఉంటాయి. గొంతు పోల్చి పేరు రాయకండి, ఫోను చేసి అడగండి. వచ్చే సమావేశంలో మినిట్స్ ఆమోదం పొందేదాకా ఆ రికార్డింగును చెరపకండి.