ముందే కట్టేస్తే వడ్డీ ఎంత తగ్గాలి?

(పాలకొల్లు దగ్గర ఒక ఊళ్ళో ట్రాక్టర్లు, ఆటోల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికీ, సంఘం పెద్దలకూ, పని మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. నన్ను వాహన బీమా గురించి మాట్లాడమన్నారు. దానికంటే ముందు ఒక మాట చెప్పాలి. దాళ్వా ధాన్యం డబ్బులు ఎకౌంట్లో పడే రోజులివి. మీలో చాలామంది ఆ డబ్బుతో బండి అప్పు ముందే కట్టేద్దామని చూస్తున్నారు. ఫైనాన్స్ ఆఫీసుల్లో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ విషయం చెప్పకుండా కూర్చోలేను.

మా బావమరిది సంగతి చెబుతాను. పాత ట్రాక్టరు కొనడానికి 3,70,000 అప్పు తీసుకున్నాడు. నూటికి రూపాయి వడ్డీ, 36 నెలలు. ఏడాదికి 44,400 చొప్పున మూడేళ్ళకి వడ్డీ 1,33,200. దాన్ని అసలుకి కలిపి 36 తో భాగిస్తే నెల వాయిదా సుమారు 13,978. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు, యాడ్-ఆన్ అని కూడా అంటారు. ఊళ్ళో ఎవరి దగ్గరైనా రూపాయి వడ్డీకి తీసుకుని సగం అసలు తీర్చేస్తే, ఆ సగం మీద వడ్డీ అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడ అలా కాదు. అసలు నెలనెలా తీరుతున్నా, వడ్డీ మాత్రం మొదటిరోజు తీసుకున్న మొత్తం మీదే, మూడేళ్ళకీ లెక్కగట్టేసి ఉంటుంది.

పన్నెండు వాయిదాలు కట్టాక క్లోజ్ చేద్దామనుకున్నాడు. "బావా, ఏడాదైంది, ఇంకా రెండేళ్ళుంది. రెండేళ్ళ వడ్డీ 88,800 తగ్గించాలి కదా?" అన్నాడు. ఆఫీసువాళ్ళిచ్చిన కాగితంలో తగ్గింపు 60,000 అని ఉంది. అడిగితే "కంప్యూటర్లో అంతే వస్తుంది" అన్నారు. కౌంటర్ దగ్గర పెద్ద గొడవైంది. కాగితం పట్టుకుని సాయంత్రం మా ఇంటికొచ్చాడు.

ఆ 60,000 ఎలా వచ్చిందో చూడండి. మొదటి నెల అసలంతా మన దగ్గరే ఉంటుంది, కాబట్టి ఆ నెలకి 36 వాటాల వడ్డీ. రెండో నెలకి 35, మూడో నెలకి 34, అలా దిగుతూ ఆఖరి నెలకి ఒక వాటా. 36 నుంచి 1 దాకా కూడితే 666. మొత్తం వడ్డీ 1,33,200 ని 666 తో భాగిస్తే వాటా 200 రూపాయలు. ఇంకా 24 నెలలు మిగిలాయి కదా, 24 నుంచి 1 దాకా కూడితే 300 వాటాలు. మూడువందల రెండువందలు అరవై వేలు. దీన్నే అంకెల మొత్తం పద్ధతి అంటారు. ఏడాది అప్పైతే 12 నుంచి 1 దాకా కూడితే 78 వస్తుంది, అందుకే దీనికి 78 సూత్రం అని పేరు. కూడికలన్నీ అక్కర్లేదు: మిగిలిన నెలల్ని దాని పై అంకెతో గుణించండి, 24×25 అంటే 600. మొత్తం నెలల్నీ అలాగే గుణించండి, 36×37 అంటే 1,332. 600 ని 1,332 తో భాగించి, మొత్తం వడ్డీతో గుణిస్తే 60,000. ఫోన్లో అర నిమిషం పని.

ఇది మోసమా? మా బావమరిది మోసమే అన్నాడు. నేను అంత మాట అనను. ఆఫీసువాళ్ళది పూర్తిగా న్యాయమనీ అనను. తగ్గే అసలు మీద నెలనెలా సరిగ్గా వడ్డీ లెక్కగడితే, అతని అప్పుకి నిజమైన రేటు ఏడాదికి నూటికి సుమారు 21 రూపాయల 20 పైసలు. పన్నెండు కాదు. ఆ లెక్కలో పన్నెండు వాయిదాల తర్వాత రావలసిన తగ్గింపు దాదాపు 63,970. అంటే అతను ఆశించిన 88,800 ఏ సరైన లెక్కలోనూ రాదు. ఎక్కువ అప్పు చేతిలో ఉన్నది మొదటి ఏడాదే, వడ్డీ కూడా అప్పుడే ఎక్కువ. కానీ 63,970 కీ 60,000 కీ మధ్య ఉన్న నాలుగు వేలు మాత్రం ఈ పద్ధతి వల్ల అతనికి జరిగిన నష్టం. ఈ రెండూ కలిపేసి గొడవపడితే కౌంటర్ దగ్గర మన మాట నిలవదు. నాలుగు వేలు అడగండి, ఇరవై ఎనిమిది వేలు కాదు.

ఆ నాలుగు వేలు ఎందుకు తేడా వచ్చిందంటారా? ఈ సూత్రం అసలు ప్రతి నెలా సమానంగా తరుగుతుందని అనుకుంటుంది. నిజానికి సమాన వాయిదాల్లో మొదట వడ్డీ ఎక్కువ పోయి అసలు తక్కువ తరుగుతుంది, ఆఖర్లో అసలు వేగంగా తరుగుతుంది. అందుకని కొంత వడ్డీ తర్వాతి నెలలకి చెందాలి. సూత్రం దాన్ని ముందు నెలల్లోకి లాగేస్తుంది. చేత్తో లెక్కలు వేసే రోజుల్లో సులువు కోసం వచ్చిన పద్ధతిది. ఏడాది అప్పులో తేడా పెద్దగా ఉండదు. 65,000 రూపాయి వడ్డీకి 12 నెలలకి తీసుకుని ఆరు నెలలకి తీర్చేస్తే నష్టం 75 రూపాయల లోపే. గడువు పెరిగేకొద్దీ, రేటు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. అమెరికాలో 1993 సెప్టెంబరు 30 తర్వాత ఇచ్చిన అప్పుల్లో, గడువు 61 నెలలు దాటితే వినియోగదారుల అప్పులకి ఈ పద్ధతి వాడకూడదని చట్టం చేశారు. బ్రిటన్‌లో 2004 నిబంధనలతో దీన్ని పక్కనపెట్టారు.

బీమా సంగతి ఇవాళ్టికి వదిలేస్తున్నాను, అధ్యక్షులవారు క్షమించాలి. ఎందుకంటే దీనికంటే పెద్ద దెబ్బ ఇంకొకటుంది. మా బావమరిదికి మొదటి కాగితం పన్నెండో వాయిదా తేదీకి ఇచ్చింది. ధాన్యం డబ్బులు ఆలస్యమై, ఆ తేదీ దాటిన ఎనిమిది రోజులకి వెళ్ళాడు. కొత్త కాగితంలో తగ్గింపు 55,200! నెల మొదలైతే నెలంతా అయిపోయినట్టే లెక్కగట్టారు. మిగిలినవి 24 కాదు, 23 నెలలన్నమాట. 23×24 సగం 276, రెండువందలతో గుణిస్తే 55,200. ఎనిమిది రోజులకి 4,800 రూపాయలు. పద్ధతి వల్ల పోయిన దానికంటే ఇదే ఎక్కువ. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఈ రూలు అతని అగ్రిమెంటులో ఉంది, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో. సంతకం రోజున ఒక్కరూ చదివి వినిపించలేదు. అన్నయ్యలూ, తమ్ముళ్ళూ, మీలో ఎంతమందికి మీ అగ్రిమెంటులో ఈ లైను ఎక్కడుందో తెలుసు? చేతులెత్తండి. చూశారా.

డబ్బు ఎప్పుడొస్తుందో తెలియకపోతే, వచ్చే వాయిదా తేదీకి లెక్క రాయించుకుని ఆ రోజే కట్టండి. కాగితంలో తగ్గింపు ఒక లైను, ముందే కట్టేసినందుకు వేసే ఫోర్‌క్లోజర్ చార్జీ ఇంకొక లైను, దానిమీద జీఎస్టీ మరొకటి, ఆలస్యం పెనాల్టీ వేరే. ఇవన్నీ ఒకే మొత్తంలో కలిపి ఇస్తే తీసుకోకండి, విడివిడిగా రాయించండి. కలిపి ఉన్న కాగితంలో తప్పు ఎక్కడుందో నాలాంటి వాడికి కూడా దొరకదు.

కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి ఒక ఆధారం ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ, ఫైనాన్స్ కంపెనీలూ వ్యక్తిగత అప్పులకీ, చిన్న పరిశ్రమల అప్పులకీ మనకి అర్థమయ్యే భాషలో కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో అసలైన వార్షిక రేటుంటుంది, ఫోర్‌క్లోజర్ చార్జీ ఉంటుంది, నెలనెలా వడ్డీ ఎంత, అసలు ఎంత అనే పట్టికా ఉంటుంది. క్లోజ్ చేసేరోజు ఆ పట్టికలో మిగిలిన అసలు చూడండి. మా బావమరిది అప్పుకి అలాంటి పట్టిక తగ్గే అసలు మీద వేస్తే పన్నెండో వరసలో సుమారు 2,71,500 మిగలాలి. అంకెల మొత్తం లెక్కలో అడిగేది 2,75,467. చార్జీలు పోను ఆ తేడా కనిపిస్తే, ఏ పద్ధతిలో లెక్కగట్టారో రాసిమ్మని అడగండి. ఇక సంతకానికి ముందు, "మధ్యలో కట్టేస్తే వడ్డీ ఎలా తగ్గిస్తారు, సగం నెలకి ఎలా లెక్క?" అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

అగ్రిమెంటు తెచ్చినవాళ్ళు భోజనాల తర్వాత ఇక్కడే ఉండండి. వాయిదాల పుస్తకం కూడా ఉంటే మంచిది, మిగిలిన నెలలు దాన్నిబట్టే లెక్కవేస్తాను.