తిరుగు ప్రయాణం ఎన్నో వారంలో?

శ్రోతలకు నమస్కారం.

గర్భంతో ఉండగా విమానం ఎక్కవచ్చా అని అడిగేవాళ్ళు సాధారణంగా వెళ్ళే తేదీ చెబుతారు. నేను మాత్రం తిరిగి వచ్చే తేదీ అడుగుతాను. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకామెకు ప్రయాణం రోజుకి 33 వారాల 4 రోజులు నిండుతాయి. అక్కడ 24 రోజులు ఉండాలనుకుంది. తిరుగు విమానం ఎక్కే రోజుకి సరిగ్గా 37 వారాలు నిండుతాయి. కడుపులో ఒకే బిడ్డ ఉండి, ఏ ఇబ్బందీ లేకపోయినా, చాలా విమాన సంస్థలు 36వ వారం దాటాక ఎక్కనివ్వవు. కవలలైతే ఆ హద్దు చాలాచోట్ల 32 వారాలే. అంటే వెళ్ళగలదు, రాలేదు. అదే ప్రయాణం 24 వారాలు నిండినప్పుడు పెట్టుకుంటే, తిరిగొచ్చేసరికి 27 వారాల 3 రోజులు అవుతాయి. 28 వారాల తర్వాత చాలా సంస్థలు డాక్టర్ ఉత్తరం అడుగుతాయి. ఈమెకు ఆ టెన్షన్ కూడా ఉండదు. నియమాలు సంస్థను బట్టి మారతాయి కాబట్టి టికెట్ కొనకముందే చదవండి. వారాల లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుందని మరచిపోకండి.

విమానం బిడ్డకు హాని చేస్తుందని పెట్టిన హద్దు కాదిది. మధ్యదారిలో నొప్పులు మొదలైతే అక్కడ కాన్పు చేసే ఏర్పాట్లు ఉండవు, అందుకే పెట్టారు. రక్తస్రావం, బీపీ, మాయ కిందికి ఉండటం, ఇదివరకు నెలలు నిండకుండా కాన్పు కావడం లాంటివి ఉంటే మాత్రం వారాలు చూసి ధైర్యపడవద్దు. వెళ్ళవచ్చో లేదో మీ డాక్టరే చెప్పాలి. ఉత్తరంలో కాన్పు తేదీ, ఒక బిడ్డా కవలలా, ప్రయాణానికి ఆరోగ్యం బాగుందా అన్నవి రాయించుకోండి. పరీక్షల కాగితాలు చేతిసంచిలోనే పెట్టుకోండి.

ఎక్కడికి వెళ్ళాలన్నది కూడా ఈ లెక్కలోదే. నెలలు నిండని బిడ్డను చూసుకోగల ఆసుపత్రి దగ్గర్లో ఉందా అని ముందే కనుక్కోండి. మలేరియా, జికా ఉన్న చోటికి వెళ్ళే ఆలోచన మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. దోమకాటుతో వచ్చే ఈ రెండూ బిడ్డకు ముప్పే.

ఇక కూర్చోవడం సంగతి. గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. గంటల తరబడి కదలకపోతే కాలి సిరల్లో గడ్డ ఏర్పడే అవకాశం ఉంది. నడవా పక్క సీటు తీసుకుని, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. నీళ్ళు తాగుతూ ఉండండి. బెల్టు పొట్ట మీద కాకుండా, పొట్ట కింద తొడల దగ్గర పెట్టుకోండి. దిగిన రోజు ఏ పనీ పెట్టుకోకండి.

రెండు పాదాలూ కొంచెం వాయడం మామూలే. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, రక్తం లేదా ఉమ్మనీరు కనిపించినా ఊరికి తిరిగొచ్చాక చూపించుకుందామని ఆగకండి. ఉన్నచోటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.