జాయింట్ డీమ్యాట్‌లో ఒకరు పోతే షేర్లు నామినీకా, రెండో పేరుకా?

[తెర మీద: డీమ్యాట్ స్టేట్‌మెంట్. మొదటి పేరు నాన్న, రెండో పేరు అమ్మ, నామినీ అన్న.]

నమస్తే. ఈ కేసు కావలిలోని ఒక కుటుంబంది అనుకోండి. నాన్న పోయారు. అన్న బెంగుళూరులో ఉద్యోగం, చెల్లెలు ఒంగోల్లో. స్టేట్‌మెంట్‌లో నామినీగా తన పేరు కనపడగానే, షేర్లు తనకే వస్తాయని అన్న అనుకున్నాడు.

రావు. ఖాతా జాయింట్‌గా ఉంటే, మిగిలిన హోల్డర్ బతికున్నంతకాలం నామినీ వంతు రాదు. ఇక్కడ షేర్లు అమ్మకి వెళ్తాయి. అమ్మ కూడా లేనప్పుడే నామినేషన్ పనిచేస్తుంది.

అలాగని పాత ఖాతాలో నాన్న పేరు కొట్టేసి అమ్మ పేరు ఉంచరు. బ్యాంకు ఖాతాలో జరిగినట్టు ఇక్కడ జరగదు. అమ్మ తన ఒక్కరి పేరు మీద కొత్త డీమ్యాట్ ఖాతా తెరవాలి. అప్పుడు పాత ఖాతాలోని షేర్లన్నీ అందులోకి వస్తాయి. దీన్నే ట్రాన్స్‌మిషన్ అంటారు. అమ్మకం కాదు కాబట్టి ఈ మార్పిడికి పన్ను లేదు.

[తెర మీద: ట్రాన్స్‌మిషన్ ఫారం, డెత్ సర్టిఫికెట్, కొత్త ఖాతా క్లయింట్ మాస్టర్ కాపీ]

కావాల్సిన కాగితాలు ఈ మూడే. క్లయింట్ మాస్టర్ కాపీ అంటే కొత్త ఖాతా వివరాలతో బ్రోకరో బ్యాంకో ఇచ్చే కాగితం. ఇవి పాత ఖాతా ఉన్న డీపీకి, అంటే బ్రోకర్‌కో బ్యాంకుకో ఇవ్వాలి. డెత్ సర్టిఫికెట్ నకలు మీద ఎవరి సంతకం కావాలో ముందే అడిగి వెళ్లండి.

చిక్కంతా పేర్లలో, ఫోన్ నంబర్లో ఉంటుంది. మన నెల్లూరు, ప్రకాశం వైపు ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఇంకో చోట ఒక్క అక్షరంగా రాస్తాం. పాన్‌లో పేరు ఒకలా, మునిసిపాలిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే ఫారం తిరిగొస్తుంది. ఆ రెండు పేర్లూ ఒక్కరివేనని అఫిడవిట్, దానికి తోడు ఏదైనా గుర్తింపు కాగితం అడుగుతారు. సర్టిఫికెట్ తీసుకునే రోజే పాన్ పక్కన పెట్టి చూసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

రెండోది, అమ్మ ఆధార్‌కి ఉన్న నంబరు చాలా ఇళ్లల్లో నాన్న ఫోన్‌దే. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఓటీపీ ఆ సిమ్‌కే వస్తుంది. సిమ్ ఆపేశారా, ముందు ఆధార్ సెంటర్లో నంబరు మార్పించాలి, ఆ తర్వాతే ఖాతా.

ఇక్కడే కొందరు, "నాన్న ఫోన్, పిన్ మన దగ్గరే ఉన్నాయి కదా, అమ్మేద్దాం" అంటారు. వద్దు. మనిషి పోయాక ఆయన లాగిన్‌తో అమ్మడం చేయకూడని పని. రేపు చెల్లెలో ఇంకెవరో ప్రశ్నిస్తే జవాబు ఉండదు. ఎవరు ఎప్పుడు అమ్మారో రికార్డులో ఉంటుంది.

[తెర మీద: కొత్త ఖాతా. 300 షేర్లు, కొన్న ధర: 0]

షేర్లు వచ్చాయి. యాప్‌లో కొన్న ధర సున్నా చూపించవచ్చు, లేదా షేర్లు వచ్చిన రోజు ధర చూపించవచ్చు. రెండూ తప్పే. వారసత్వంగా వచ్చిన షేర్లకి నాన్న కొన్న ధరా, ఆయన కొన్న తేదీయే లెక్క.

2019లో ఒక్కోటి 210 రూపాయలకి 300 షేర్లు కొన్నారనుకుందాం. అమ్మ ఇప్పుడు 450కి అమ్మితే లాభం 72,000. లిస్టెడ్ షేర్లకి దీర్ఘకాలిక లాభం ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, కాబట్టి అమ్మకి వేరే లాభం లేకపోతే ఏమీ కట్టక్కర్లేదు. సున్నా ధరే ఉంచేస్తే లాభం 1,35,000గా కనపడుతుంది. తేదీ కూడా కొత్తదైతే అది స్వల్పకాలిక లాభం అయిపోయి 20 శాతం పన్ను లెక్కలోకి వస్తుంది. నాన్న పాత కాంట్రాక్ట్ నోట్లు, అంటే షేర్లు కొన్నప్పుడు బ్రోకర్ ఇచ్చిన కాగితాలు, పారేయకండి, వాటిని చూసి యాప్‌లో ధర సరిచేయండి.

మరి ఖాతా నాన్న ఒక్కరి పేరు మీదే ఉండి, అన్న నామినీ అయితే? షేర్లు అన్న ఖాతాకే వస్తాయి. కానీ సొంతం కావు. నామినీ పేరుంది కాబట్టి వారసుల హక్కు పోదని 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం కింద అమ్మ, అన్న, చెల్లెలు, ఉంటే నానమ్మ కూడా, సమాన వాటాదారులు. అన్న వాళ్ల వాటా వాళ్ల ఖాతాలకి పంపేటప్పుడు కారణం దగ్గర వారసులకి బదిలీ అనే ఎంచుకోవాలి. గిఫ్ట్ అనో అమ్మకం అనో కాదు.

నామినీ అసలు లేకపోతే పని బరువెక్కుతుంది. 2022లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన పరిమితి ప్రకారం డీమ్యాట్‌లో 15 లక్షల దాకా అఫిడవిట్, నష్టం వస్తే మేమే భరిస్తామనే ఇండెమ్నిటీ, అభ్యంతరం లేదని మిగతా వారసులిచ్చే ఎన్‌వోసీలతో సరిపోతుంది. అది దాటితే కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ లాంటిది కావాలి.

కావలి ఇంట్లో ఇంకొక్క పని. పాత ఖాతాలోని నామినేషన్ కొత్త ఖాతాకి దానంతట అది రాదు. అమ్మ ఫారంలో అన్న, చెల్లెలు ఇద్దరి పేర్లూ 50 శాతం చొప్పున కొత్తగా రాయాలి. డివిడెండ్ పడటానికి అమ్మ సొంత బ్యాంకు ఖాతా నంబరు కూడా అప్పుడే ఇచ్చేయాలి.