రిసార్ట్ పెట్ పాలసీలో ఒక్కో వాక్యం ఎలా రాయాలి?

[తెర మీద: రిసెప్షన్ గోడకు అంటించిన కాగితం, మూడు లైన్లు]

"పెట్ ఫీజు రూ.750. వ్యాక్సినేషన్ తప్పనిసరి. కామన్ ఏరియాల్లో పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు."

నమస్కారమండీ. నెల్లూరు జిల్లా మైపాడు బీచ్ దగ్గర మాకు ఆరు కాటేజీలున్నాయి. మొన్నటిదాకా మా పెట్ పాలసీ ఈ మూడు లైన్లే. ఒంగోలు నుంచి ఒక కుటుంబం రెండు కుక్కలతో వచ్చి రెండు రాత్రులు ఉన్నారు. వెళ్లేటప్పుడు కౌంటర్లో అబ్బాయి రూ.3,000 బిల్లు వేశాడు. ఆయన చేతిలో రూ.750 పట్టుకుని నిలబడి ఉన్నారు.

[తెర మీద: 750 / 1,500 / 3,000]

ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. మొత్తం బసకు ఒకటే ఫీజు అనుకుంటే 750. కుక్కకింత అనుకుంటే 1,500. రాత్రికింత అనుకున్నా 1,500. కుక్కకీ రాత్రికీ కలిపి లెక్కేస్తే 3,000. మేం రాసిన వాక్యంలో ఈ లెక్కలన్నీ ఇమిడిపోతాయి. ఆ రోజు 750కే పంపించాం, కాగితం మాత్రం మార్చేశాం.

[తెర మీద కొత్త వాక్యం]

"ఒక్కో కుక్కకు, ఒక్కో రాత్రికి రూ.750, పన్నుతో కలిపి. ఇది గది శుభ్రం చేయడానికి, తిరిగి ఇవ్వం. గదికి రూ.2,000 డిపాజిట్ వేరుగా తీసుకుంటాం. వెళ్లేటప్పుడు గది చూసి, ఏదీ పాడవకపోతే అక్కడే తిరిగి ఇస్తాం."

ఫీజునీ డిపాజిట్‌నీ ఇలా విడదీయాల్సిందే. దుప్పటి మీద వెంట్రుకలు, గదిలో వాసన ఫీజులోకి వస్తాయి. సోఫా కొరికినా, కర్టెన్ చింపినా డిపాజిట్‌లోంచి తీసుకుంటాం. ఇది రాయకపోతే వెంట్రుకలకీ డిపాజిట్ కోసేవాళ్లుంటారు, అది అన్యాయం. తాళం ఇచ్చేటప్పుడే అతిథి ముందు గదికి నాలుగు ఫోటోలు తీసి పెట్టుకోండి.

[తెర మీద: పశువైద్యుడు ఇచ్చే టీకా కార్డు, దగ్గరగా]

ఇక టీకా. "వ్యాక్సినేషన్ తప్పనిసరి" అంటే ఏ టీకా? ఎప్పుడు వేయించింది? మనుషులకు ప్రమాదం రేబిస్‌తో కాబట్టి ఆ పేరే రాయండి. కార్డులో టీకా సీసా మీది స్టిక్కర్, వేసిన తేదీ, మళ్లీ వేయించాల్సిన తేదీ, డాక్టర్ సంతకం ఉంటాయి. స్టిక్కర్ లేకుండా పెన్నుతో తేదీ మాత్రమే రాసుంటే, వేసిన డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. కార్డులో రాసిన జాతి, రంగు, వయసు ఎదురుగా ఉన్న కుక్కతో సరిపోతున్నాయా అనేది కూడా చూడండి.

జనం పొరపడేది ఎక్కువగా కూనల దగ్గర. మూడు నెలల కూనకు నిన్న మొదటి డోసు వేయించి, ఈరోజు కార్డు చూపిస్తారు. టీకా వేశారు, నిజమే. రక్షణ మాత్రం ఇంకా రాలేదు, దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. గడువు దాటకుండా ఏటా బూస్టర్ వేయించే పెద్ద కుక్కకు ఈ ఎదురుచూపు అక్కర్లేదు. అందుకే మేం ఇలా రాశాం:

"రేబిస్ టీకా కార్డు చూపాలి. మొదటి డోసు అయితే వేయించి 28 రోజులు దాటి ఉండాలి. మళ్లీ వేయించాల్సిన తేదీ, మీరు గది ఖాళీ చేసే రోజు తర్వాత ఉండాలి."

గది బుక్ చేసుకున్నప్పుడే కార్డు ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. రాత్రి పదింటికి పిల్లలతో గేటు దగ్గరికి వచ్చిన వాళ్లను వెనక్కి పంపడం చాలా బాధగా ఉంటుంది.

[తెర మీద: గేటు నుంచి కాటేజీ దాకా కాలిబాట]

ఇక మూడో లైను. గేటు నుంచి గదికి వెళ్లే ఈ దారి కూడా కామన్ ఏరియానే. ఆ లైను ప్రకారం కుక్క గదికి చేరే దారే లేదు! కాబట్టి స్థలాలను పేరుపెట్టి చెప్పాలి. "వంటగది, భోజనాల హాలు, స్విమ్మింగ్ పూల్, దాని చుట్టూ ఉన్న గట్టు, పిల్లల ఆటస్థలం: వీటిలోకి కుక్కలను తీసుకురాకూడదు. కాలిబాట మీద, వెనక తోటలో బెల్టు పట్టుకుని తిప్పవచ్చు." ఎక్కడ వద్దో చెప్పిన చోటే ఎక్కడ తిప్పుకోవచ్చో కూడా చెబితే, వాచ్‌మన్‌కీ అతిథికీ వాదన ఉండదు.

[తెర మీద: రాత్రి ఇసుక, తాబేలు పాకిన జాడ]

మా తీరంలో ఇంకో వాక్యం కావాలి. చలికాలం చివర నుంచి వేసవి మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి సుమారు 45 నుంచి 60 రోజులు. కుక్క వాసన పట్టి తవ్విందంటే ఒక్క గూట్లోనే వంద గుడ్ల దాకా పోవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేళ్లను మొదటి షెడ్యూల్లో పెట్టింది. "జనవరి నుంచి మే దాకా, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు, బెల్టుతో ఉన్నా సరే కుక్కలను బీచ్‌కి తీసుకెళ్లకూడదు" అని రాసి, బీచ్ వైపు గేటుకే తగిలించాం. రిసెప్షన్లో పెడితే చీకటిపడ్డాక ఎవరూ చూడరు.